ఖీమాకు గుడ్డు ఎంత కావాలి?

ఆదోని, ఎమ్మిగనూరు వైపు మా ఇండ్లలో ఇఫ్తారుకు బంధువులు వస్తున్నారంటే ఖీమాతో పాటు గుడ్లు కూడా తెప్పించడం అలవాటు. కబాబు విరుగుతుందన్న భయంతో ఒకటి చాలదని మరొకటి కలుపుతుంటాము. అయితే మా ఇంట గుడ్డు పడని పసివాడు ఒకడున్నాడు. ముక్క తిన్నా వాడికి ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి. అందువల్ల ఏ వంటకానికి గుడ్డు నిజంగా అవసరమో మేము విడదీసి తెలుసుకోవలసి వచ్చింది.

కోఫ్తాకు అవసరం లేదు. పచ్చి ఖీమాలోనే పట్టు ఉన్నది. అరకిలో ఖీమాకు ఒక చిన్న చెంచా ఉప్పు వేసి ఐదు నిమిషాలు మర్దిస్తే, మాంసకృత్తులు ఉప్పుకు కరిగి బంకగా మారతాయి. ముద్దను అరచేతికి అద్ది చేతిని బోర్లించినా అది జారకుంటే చాలు. కోఫ్తా విడిపోయిందంటే చాలాసార్లు కారణం ఉల్లిపాయ నీరే. సన్నగా తరిగిన ఉల్లిని గట్టిగా పిండి, ఆ తరువాతే కలపాలి.

షామీ కబాబు సంగతి వేరు. అందులో మాంసం ముందే ఉడికిపోతుంది. ఉడికిన మాంసానికి మళ్ళీ బంక రాదు. శనగపప్పు కొంత పట్టు ఇస్తుంది. మిగిలినది గుడ్డు ఇవ్వాలి. అది ద్రవంగా పొడి మధ్యకు చేరి, పెనం వేడికి గట్టిపడి అంతటినీ బంధిస్తుంది.

అరకిలో ఖీమాకు నూరు గ్రాముల పప్పు వేసి, నీరంతా ఇగిరే దాకా ఉడికించి, చల్లార్చి రుబ్బుతాము. ఒక గుడ్డును గిలకొట్టి ముందు సగమే కలిపి, ఒక చిన్న బిళ్ళను వేయించి చూస్తాము. అంచులు పగిలితే మిగతా సగం కలుపుతాము. రెండవ గుడ్డు జోలికి పోము. గుడ్డులో ముప్పాతిక వంతు నీరే కనుక ఎక్కువైతే ముద్ద వదులవుతుంది. పెనం మీద అంచుల వెంట నురుగు కడుతుంది. కబాబు రబ్బరులా సాగి నీచు వాసన వేస్తుంది. అప్పుడు కావలసినది ఉగ్గానిలో వేసే పుట్నాల పొడి. రెండు చెంచాలు కలిపి పావుగంట ఉంచితే ఆ తడిని అది పీల్చుకుంటుంది.

పసివాడి వాటాను గుడ్డు కలపక ముందే తీసి, ఆ పొడినే కలిపి, చిన్నవిగా, మందంగా తట్టి గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచుతాము. అడుగు బాగా ఎర్రబడ్డాక ఒకేసారి తిప్పాలి. అవి అంత మెత్తగా రావు కాని విరగవు.

ఆలుగడ్డ కట్లెట్‌కు లోపల గుడ్డు అక్కరలేదు. అది రొట్టెపొడి అంటడానికి పైపూత మాత్రమే. పలుచని మైదా జారు కూడా ఆ పని చేస్తుంది.

ఏది చేసినా పసివాడివి ముందుగా, శుభ్రమైన పెనంలో, కొత్త నూనెలో వేయించి పక్కన పెడతాము. గుడ్డు తగిలిన నూనె, గరిటె వాడి వాటాకు తగలనీయము.