నిమిషం రీల్‌లో అసలు లెక్క

పదకొండేళ్లుగా హైదరాబాద్‌లో ఓ విదేశీ విద్య కన్సల్టెన్సీలో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. ఆమధ్య మా యజమాని పిలిచి ‘ఈసారి రీల్ అమ్మానాన్నల కోసం చేద్దాం. స్క్రిప్టు నువ్వే రాయి, నిమిషం దాటకూడదు’ అన్నారు. అప్పటిదాకా మా రీల్స్ అన్నీ పిల్లల కోసమే. మంచులో సెల్ఫీలూ, గ్రాడ్యుయేషన్ టోపీలూ. లోన్ కాగితాల మీద సంతకం పెట్టే తండ్రి వాటిలో ఎక్కడా కనపడడు.

నేను రాసిన మొదటి వాక్యం ఇదీ: ‘అమ్మా, నాన్నగారూ... మీ అబ్బాయికి వీసా వస్తుందని మేం హామీ ఇవ్వలేం.’

‘పెళ్లిచూపుల్లో అప్పుల చిట్టా చదివినట్టుంది’ అన్నారాయన.

నిజమే. కానీ హామీ ఇవ్వడానికి మా చేతిలో ఏముంది? నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో, అద్దం అవతల కూర్చున్న అధికారి చాలాసార్లు రెండు మూడు నిమిషాల్లోనే తేల్చేస్తారు. చదువయ్యాక తిరిగొస్తానని నమ్మించాల్సిన బాధ్యత చట్టప్రకారం విద్యార్థిదే. నమ్మకం కుదరకపోతే 214(బి) అని రాసున్న కాగితం చేతికొస్తుంది. కట్టిన 185 డాలర్ల వీసా ఫీజు తిరిగిరాదు, మళ్లీ వెళ్లాలంటే మళ్లీ కట్టాల్సిందే. చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకోవచ్చు. మాకైతే ఆపాటి పలుకుబడి కూడా లేదు.

హామీ ఇస్తామనేవాళ్లు ఆ తర్వాత ఏమడుగుతారో కూడా రాశాను. ‘మీ ఖాతాలో డబ్బు లేకపోయినా మేం చూపిస్తాం’ అంటారు. కొన్నాళ్లపాటు అరువు సొమ్ము ఖాతాలో వేసి, దానికో కమీషన్ తీసుకుంటారు. అది మోసమని అధికారి తేల్చితే ఒక్క వీసా పోవడంతో ఆగదు. ఆ పిల్లాడు జీవితాంతం అమెరికా వెళ్లకుండా నిషేధం పడొచ్చు.

ఇక ఖర్చు. ఇక్కడ నాకు సూర్యాపేట వైపు నుంచి వచ్చిన ఓ రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్ గుర్తొచ్చారు. కొడుకు ఎమ్మెస్‌కి యూనివర్సిటీ పంపిన ఐ-20 పట్టుకొచ్చి ‘ముప్ఫై ఆరు వేల డాలర్లే కదమ్మా’ అన్నారు. ట్యూషన్ 20 వేలు, తిండీ అద్దే 13 వేలు, బీమా వగైరా మూడు వేలు. డాలరు 90 రూపాయలనుకుంటే 32 లక్షల పైచిలుకు. ఆయన ఓ ప్లాటు అమ్మి, కొంత లోన్ తీసుకుంటే సరిపోతుందని లెక్కేసుకున్నారు. ఆ కాగితంలో ఉన్నది మొదటి ఏడాది ఖర్చు మాత్రమేనని ఆయనకెవరూ చెప్పలేదు. కోర్సు రెండేళ్లు. అంటే దాదాపు 65 లక్షలు.

ప్లాటు అమ్మితే 25 లక్షలు. మిగతా 40 లక్షలు లోన్. సెమిస్టర్‌కి పది లక్షల చొప్పున తీసుకున్నా, 11 శాతం వడ్డీతో చదువూ, ఆ తర్వాతి ఆర్నెల్ల గడువూ పూర్తయ్యేసరికి వడ్డీయే ఏడు లక్షలు దాటుతుంది. అక్కడి నుంచి పదేళ్లపాటు నెలకు 65 వేల రూపాయల కిస్తీ. కాగితం మీద వేసి చూపిస్తే ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. ‘నా పెన్షన్‌కి ఇది ఎన్ని రెట్లో’ అని మాత్రం అన్నారు.

‘పార్ట్‌టైం చేసుకుంటాడు కదా’ అనేది అందరి ఆశ. కోర్సు నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి చేయకూడదు. ఆ ఉద్యోగం దొరుకుతుందన్న భరోసా కూడా లేదు. దొరికితే తిండి ఖర్చు కొంత గడుస్తుంది, ఫీజు మాత్రం రాదు. బయట పెట్రోల్ బంకుల్లో దొంగతనంగా చేస్తే పట్టుబడినరోజు చదువే పోతుంది. చదువయ్యాక పనిచేయడానికి ఏడాది అనుమతి ఉంటుంది. సైన్స్, ఇంజినీరింగ్ కోర్సులకైతే ఇంకో రెండేళ్లు పొడిగించుకోవచ్చు. అనుమతి అంటే ఉద్యోగం కాదు. ఈ ఒక్క ముక్క చెప్పడానికే స్క్రిప్టులో ఎనిమిది సెకన్లు కేటాయించాను.

హామీ వాక్యాన్ని చివరికి తోసేద్దామన్నారు మా యజమాని. చివరిదాకా ఎవరు చూస్తారని అడిగాను. కాసేపు వాదించుకున్నాక మొదట్లోనే ఉంచారు.

షూటింగ్‌కి ముందు స్క్రిప్టుని ఆ కండక్టర్‌గారికి ఫోన్‌లో చదివి వినిపించాను. కొడుకు ముందు ఇక్కడే రెండేళ్లు ఉద్యోగం చేస్తానన్నాడట. అంతా విని ‘బాగుందమ్మా. మరి ఇందులో మీకేం మిగులుతుందో చెప్పలేదే’ అన్నారు.

ఆ రాత్రే ఇంకో వాక్యం కలిపాను: ‘కొన్ని యూనివర్సిటీలు చేరిన ప్రతి విద్యార్థికీ మాకు కమీషన్ ఇస్తాయి. మా జాబితాలో అవి ఏవో అడగండి, చెబుతాం.’ మా యజమాని దాన్ని రెండుసార్లు చదివి, పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేశారు. రీల్ అరవై నాలుగు సెకన్లొచ్చింది.