యో పిన్నీ!

మా అక్క కొడుకు ఇంటర్ చదవడానికి ఖమ్మం నుంచి మా ఇంటికి వచ్చి ఏడాది కావస్తోంది. మేముండేది కొండాపూర్‌లో. పొద్దున్నే వెళ్ళిపోతాడు, రాత్రి రాయదుర్గం స్టేషన్‌లో మెట్రో దిగి షేర్ ఆటోలో వస్తాడు. మావారిది అమెరికా షిఫ్టు. కాబట్టి ఆ వేళకి ఇంట్లో ఉండేది నేనే.

వచ్చిన మొదటి వారంలోనే వాడి దగ్గర్నుంచి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది, "యో పిన్నీ" అని. నాకు నవ్వూ వచ్చింది, కాస్త చురుక్కుమనీ అనిపించింది. చిన్నప్పుడు నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని తిరిగినవాడు కదా! "ఏమిట్రా ఆ భాష? క్లాసు అయిందా? టిఫిన్ తిన్నావా? టెస్టు ఎలా రాశావు?" అని వరసగా పెట్టేశాను. నీలం టిక్కులు పడ్డాయి. చాలాసేపటికి "హా" అని ఒక్క ముక్క వచ్చింది.

మర్నాడు తప్పు దిద్దుకుందామని "యో బ్రో, వాట్సప్!" అని పెట్టి, పక్కన రెండు మంట బొమ్మలు కూడా అతికించాను. "పిన్నీ ప్లీజ్" అన్నాడు. ఆ తర్వాత నాలుగు రోజులు ఏ పలకరింపూ లేదు.

ఎక్కడ పొరపాటు జరిగిందో నాకు పాలావిడ మాటతో తెలిసింది. ఆవిడ రోజూ "ఏం సంగతమ్మా?" అంటుంది. "ఏముంది, నడుస్తోంది" అంటాను. నా సంగతులన్నీ ఏకరువు పెట్టమని ఆవిడ అడగట్లేదు, నేనూ పెట్టను. మన "భోంచేశారా?" కూడా అంతే కదా, ఏం కూర వండావో చెప్పమని కాదు. ఇలాంటి మాటలకి 1923లోనే మలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త "ఫాటిక్ కమ్యూనియన్" అని పేరు పెట్టాడు. సమాచారం కోసం కాకుండా, మనిషికీ మనిషికీ మధ్య దారి తెరిచి ఉంచడానికి ఆడే మాటలు అని అర్థం. మావాడి "యో" కూడా ఆ కోవలోదే. వాడు తలుపు తట్టాడు. నేను మొదటిరోజు హాజరు పట్టీ తీశాను. రెండోరోజు వాడి చొక్కా నేను తొడుక్కుని ఎదురెళ్ళాను.

అప్పటినుంచి పద్ధతి మార్చాను. వాడు ఒక ముక్క పెడితే నేనూ ఒక ముక్కే పెడతాను, కానీ నా మాటల్లోనే. "ఏరా! గుత్తొంకాయ పొయ్యి మీదుంది." అంతే. నా రోజులోంచి ఒక చిన్న నిజమైన సంగతి చెప్పి వదిలేస్తాను. ప్రశ్న వేస్తే ఒక్కటే, అదీ వాడు జవాబివ్వకపోయినా ఇబ్బంది లేనిదై ఉండాలి. భాష దిద్దను. వాళ్ళ నాన్నమ్మ ఫోన్ చేస్తే వాడే "నమస్తే నాన్నమ్మా" అంటాడు. ఎవరితో ఎలా మాట్లాడాలో వాడికి తెలుసు. నోరు జారి బూతు వస్తే మాత్రం ఊరుకోను. కానీ "యో" బూతు కాదుగా.

కుదిరిందని ఎలా తెలిసిందంటే, అడక్కుండానే కబుర్లు రావడం మొదలైంది. మెట్రోలో నిలబడి నిద్రపోతున్న అంకుల్ సంగతి, క్యాంటీన్‌లో ఉప్పు లేని సాంబారు సంగతి.

పోయిన నెలలో ఒకరాత్రి తొమ్మిది దాటాక మెసేజ్ వచ్చింది. ఈసారి "యో" లేదు, "పిన్నీ" లేదు. sup అని మూడే అక్షరాలు. "ఏం సంగతి" అన్నదానికి వాళ్ళ పొట్టి మాట. ఏమైందని అడగాలని వేళ్ళు లాగాయి. ఆపుకుని "చపాతీలు వత్తుతున్నా. నువ్వెక్కడున్నావ్ రా?" అని పెట్టాను.

"రాయదుర్గం. ఇంకా ఆటో ఎక్కలేదు."

"సరే. కూర వేడిగానే ఉంచుతా."

ఐదు నిమిషాలకి ఇంకోటి వచ్చింది. "పిన్నీ, నన్ను కింది సెక్షన్‌కి మార్చేశారు. అమ్మకి చెప్పకు."

వారం వారం టెస్టులు పెట్టి, మార్కులు తగ్గితే పిల్లల్ని సెక్షన్ మార్చే చదువులు ఇవి. స్టేషన్ మెట్ల దగ్గర బ్యాగు వేసుకుని ఒక్కడే కూర్చున్న పిల్లాడు కళ్ళముందు మెదిలాడు. "నేను చెప్పను. నీకు చెప్పాలనిపించినప్పుడు నువ్వే చెప్పుకో. ముందు ఇంటికి రా" అన్నాను.

వచ్చి, మాట్లాడకుండా ఐదు చపాతీలు తిన్నాడు. నేనూ ఏమీ అడగలేదు. ఆదివారం వాళ్ళమ్మకి వాడే ఫోన్ చేసి చెప్పుకున్నాడు. అక్క ఏడ్చింది, తర్వాత తేరుకుంది.

ఆ రాత్రి ఆ మూడక్షరాలకి నేను మళ్ళీ "ఏమిట్రా ఆ భాష?" అని ఉంటే, ఆ రెండో మెసేజ్ నాకు వచ్చేది కాదేమో.

ఇది రాస్తుంటే ఫోన్ మోగింది. "యో పిన్నీ." పప్పు ఉడుకుతోందని చెప్పాలి, ఉంటాను మరి.