భావనపాడు కొబ్బరి డొక్కల కింద

టెక్కలి నుంచి నౌపడ ఉప్పు మడుల పక్కగా భావనపాడు వెళ్తుంటే సముద్రం కనిపించక ముందే కొబ్బరితోటలు మొదలవుతాయి. ఇసుక నేల, చెట్టు మొదట్లో తేమ ఆరిపోకుండా పరిచిన డొక్కలు, ఓ మూల గుట్టగా వేసిన ఎండు కమ్మలు. తొలకరి పడ్డాక ఆ గుట్టల్లో ఏది కదిలినా తోటలో పనిచేసేవాళ్ళు ఫోనుతో ఫొటో తీసి ఇక్కడి బడిలో సైన్సు చెప్పే మాస్టారికి పంపుతుంటారు. అందరిదీ ఒకటే ప్రశ్న: ఇది కరుస్తుందా? పురుగుల గురించి రాసే అలవాటున్నవాణ్ణి కాబట్టి ఆ ఫొటోలన్నీ ఓసారి కూర్చుని చూద్దాం రమ్మని మాస్టారు పిలిచారు.

ఆయన మొదట తెరిచిన ఫొటోలో తడి డొక్క మీద బొటనవేలి గోరు కంటే కాస్త పొడవున్న నల్లటి పురుగు ఉంది. ఒంటికి రెండు వైపులా పసుపు చుక్కలు వరసగా ఉన్నాయి. వీపు బల్లపరుపుగా ఉంది. పంపినాయన ‘జెర్రి పిల్ల, చంపేశాం’ అని రాశాడు. ‘బల్లపరుపుగా ఉంటే జెర్రి, గుండ్రంగా ఉంటే రోకలిబండ అని నేనూ పిల్లలకి చెప్తూ వచ్చాను సార్, మరి ఇది జెర్రేనా?’ అని అడిగారు మాస్టారు. ఆ సూత్రం చాలాసార్లు నిలబడుతుంది. నిలబడనిది సరిగ్గా ఇలాంటి పురుగు దగ్గరే. రోకలిబండల్లో పాలిడెస్మిడా అనే పెద్ద వర్గం ఉంది. వాటి ఒంటి ఉంగరాలకు పక్కల్లో చిన్న అంచులు చూరులా బయటికి వస్తాయి. పైనుంచి చూస్తే ఒళ్ళంతా పలచగా, చదునుగా అనిపిస్తుంది. ఆ చూరు కిందే కాళ్ళు దాక్కుంటాయి.

ఫొటోను పెద్దది చేసి ఒంటి నడిమి భాగం మీద నిలిపాం. తల వైపు చూడొద్దని మాస్టారికి చెప్పాను, దానికి కారణం ఉంది. రోకలిబండకు ఒక్కో ఉంగరానికి రెండు జతల కాళ్ళన్నది అసలు గుర్తే గానీ, తల వెనకున్న మొదటి ఉంగరానికి కాళ్ళే ఉండవు, ఆ తరవాతి మూడింటికీ ఒక్కో జతే ఉంటుంది. పైగా ఈ వర్గంలో ఎదిగిన మగదానికి ఏడో ఉంగరం దగ్గర ఒక జత కాళ్ళు సంపర్కానికి పనికొచ్చే అవయవాలుగా మారిపోయి, లెక్కలో ఖాళీ కనిపిస్తుంది. ముందు భాగం చూసి లెక్కపెట్టినవాళ్ళు ఒక్కో జతే ఉందనుకుని జెర్రి అని తేల్చేస్తారు. నడిమి ఉంగరం ఒకటి పట్టుకుని, దాని అంచు కింద ఒక పక్కన ఎన్ని కాళ్ళున్నాయో చూస్తే చాలు. మొత్తం కాళ్ళు లెక్కపెట్టాల్సిన పనే లేదు.

ఆ ఫొటో పైనుంచి తీసింది కావడంతో కాళ్ళు తేలలేదు. అలాంటిదే మరొకటి దొరుకుతుందేమోనని తోటలోకి వెళ్ళాం. తోట పెద్దాయన ఒక డొక్కను కర్రతో తిరగేసేసరికి అలాంటివి నాలుగైదు కనిపించాయి. ఒకదాన్ని ఆకుతో ఎత్తి పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో వేశాం. డబ్బాను పైకెత్తి మాస్టారు అడుగు నుంచి ఫొటో తీశారు. ఇక అనుమానం మిగల్లేదు. నడుమున ఒక్కో ఉంగరం కింద ఒక పక్కన రెండేసి కాళ్ళు దగ్గరదగ్గరగా, ఆ వెనక కాస్త ఎడం, మళ్ళీ రెండు. ఆ జంటల వరస ఒకసారి కంటికి అలవాటైతే తరవాత లెక్కతో పనుండదు. మీసాలు కూడా పొట్టిగా, మోచేయి వంచినట్టు కిందికి మడిచి ఉన్నాయి. జెర్రి మీసాలు పొడుగ్గా, ముందుకు చాచి ఉంటాయి. ఫొటోలో కాళ్ళు మసకబారినప్పుడు ఈ మీసాలే ఆదుకుంటాయి.

జెర్రి కోసం ఎక్కువసేపు వెతకలేదు. పాత కమ్మల గుట్ట అడుగున పెద్దాయన కర్ర పెట్టగానే ఇటుక రంగుది ఒకటి బయటపడి, మేం ఫోను పైకెత్తేలోగానే ఇంకో కమ్మ కిందికి దూరింది. ‘అదీ బాబూ జెర్రంటే! రోకలిబండయితే ముట్టుకుంటే సుట్టేసుకుని పడుంటాది. ఇది ఉంటాదేటి?’ అన్నాడు పెద్దాయన. ఆయన చూపు సరైనదే. రోకలిబండ కుళ్ళిన ఆకూ కట్టే తింటుంది, తిండి దాని కిందే ఉంటుంది, పరిగెత్తే అవసరం లేదు. మట్టిలోకి, ఆకుల్లోకి తలతో తోసుకుపోవాలి కాబట్టి దానికి కావలసింది బలం. ఉంగరానికి నాలుగు కాళ్ళు ఒకదాని వెనక ఒకటి అలలా నెడితే ఆ బలం వస్తుంది. జెర్రి వేటాడి బతుకుతుంది. పురుగులను, బొద్దింకలను పట్టి తినాలి. దాని కాళ్ళు పక్కలకు చాచి, పొడుగ్గా, ఒకదానికొకటి అడ్డు రాకుండా ఎడంగా ఉంటాయి.

ఫొటోలో వేగం కనపడదు కదా అని మాస్టారు సందేహపడ్డారు. వేగం కనపడదు, వేగానికి తగ్గ కాళ్ళ అమరిక కనపడుతుంది. పైనుంచి తీసిన ఫొటోలో కాళ్ళు ఒంటికి రెండు వైపులా దువ్వెన పళ్ళలా బయటికి వచ్చి ఉంటే అది జెర్రి. కాళ్ళు ఒంటి కిందే ఉండి, అంచున నూలుపోగుల్లా కొసలు మాత్రం కనిపిస్తే రోకలిబండ. ఒళ్ళు పాములా మెలికలు తిరిగి, కాళ్ళు మసకగా పడి ఉన్నా జెర్రి అనే అనుకోవచ్చు.

ఆ జెర్రినే చివరికి సీసాలోకి తోలి చూశాం. తల, ఆ వెనక ఒక్కో పలకకు ఒక్కో జత కాళ్ళు. మొత్తం ఇరవై ఒక్క జతలు. మన ఊళ్ళలో పెద్ద జెర్రులుగా తెలిసిన స్కోలోపెండ్రా జాతుల లెక్క మామూలుగా ఇంతే. జెర్రుల్లో జతల సంఖ్య జాతిని బట్టి 15 నుంచి 191 దాకా ఉంటుంది, ఎదిగిన జెర్రిలో ఎప్పుడూ బేసి సంఖ్యే. అందువల్ల పుస్తకాల్లో శతపాది అంటున్నా సరిగ్గా వంద కాళ్ళున్న జెర్రి ఉండదు. చివరి జత మిగతావాటి కంటే లావుగా, వెనక్కి చాచి ఉంటుంది. తోకతో కుడుతుందని చాలామంది భయపడేది దాన్ని చూసే. ఆ కాళ్ళు పట్టుకోవడానికి, బెదిరించడానికి పనికొస్తాయి గానీ వాటిలో విషం లేదు.

రంగును మాత్రం నమ్మొద్దు. మాస్టారి ఫోనులో ఎరుపు, నలుపు కలిసిన ఫొటోలు రెండు ఉన్నాయి. ఒకటి పాక కప్పులోంచి రాలిపడ్డ రోకలిబండ. దక్షిణాదిలో తాటాకు, కొబ్బరి కమ్మల కప్పుల్లో ఎరుపు చారల రోకలిబండలు కాపురం ఉండడం మామూలే. రెండోది ఎరుపు, నలుపు పట్టీలున్న పెద్ద జెర్రి. మొదటిదాన్ని చేతిలోకి తీసుకున్నా కరవదు. రెండోదాని జోలికి పోకూడదు.

ఇంకో ఫొటో ఈ లెక్కకే పరీక్ష పెట్టింది. స్నానాల గది గోడ మీద సన్నని ఒళ్ళు, చుట్టూ వెంట్రుకల్లా పొడవాటి కాళ్ళు. వీపు మీది పలకలు లెక్కిస్తే ఒక్కో పలకకు రెండు జతలు ఉన్నట్టే అనిపిస్తుంది. అయినా అది జెర్రే, స్క్యూటిజెరా వర్గంది. దానికి కాళ్ళు పదిహేను జతలే. వీపు పలకలు మాత్రం రెండేసి ఖండాలను కలిపి కప్పుతాయి కాబట్టి పైనుంచి లెక్క తప్పుతుంది. అంత పొడుగు కాళ్ళు రోకలిబండకు ఉండవన్న ఒక్క మాటతో దాన్ని గుర్తుపట్టాలి. మనిషిని కరవడం అరుదు.

ఇక కాటు సంగతి. డొక్కలు వలిచే ఒకావిడ తనకు జరిగింది చెప్పింది. చీకట్లో డొక్క ఎత్తితే వేలి మీద మంట పుట్టిందట. ‘సున్నం రాసినాం బాబూ, రేత్రంతా నిద్దర్లేదు. సెయ్యంతా సలుపే. మూడో నాటికి తగ్గింది.’ పెద్ద జెర్రి కాటు తీరు అదే: వెంటనే భరించలేని నొప్పి, వాపు, ఎరుపు. జెర్రికి విషం నోట్లో ఉండదు. తల వెనక మొదటి జత కాళ్ళే కొండీల్లా మారి తల కింద ముడుచుకుని ఉంటాయి. సీసా అడుగు నుంచి చూసినప్పుడు నల్లటి వాటి మొనలు మాకు స్పష్టంగా కనిపించాయి. చిన్న జెర్రులకూ ఈ కొండీలుంటాయి, మన చర్మంలోకి దిగేంత బలం చాలావాటికి ఉండదు.

కరిస్తే సబ్బుతో కడిగి, చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో అరగంట దాకా ముంచి ఉంచితే నొప్పి చాలామందికి తగ్గుతుంది. కొందరికి ఐసు నయమనిపిస్తుంది. కోయడం, కట్టు బిగించడం, సున్నం రాయడం వద్దు. ధనుర్వాతం టీకా సంగతి డాక్టర్ని అడగాలి. మొహం వాచినా, ఊపిరి ఆడకపోయినా, కరిపించుకున్నది చిన్నపిల్ల అయినా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

రోకలిబండకు కొండీలు లేవు, కరవదు. దాని రక్షణ ఒంటి పక్కల రంధ్రాల్లోంచి ఊరే ద్రవం. గుండ్రటి పెద్దవాటి ద్రవం చర్మాన్ని గోధుమరంగుకు తిప్పుతుంది, ఆ మరక కొన్నాళ్ళు పోదు. చదును ఒంటి వాటిలో చాలావాటి ద్రవంలో హైడ్రోజన్ సయనైడ్ ఉంటుంది. మేం పట్టినదాన్ని డబ్బాలో వేసి కొంతసేపాగి మూత తీస్తే చేదు బాదం గింజల వాసన వచ్చింది. ఆ కొంచెం మనిషికి ప్రమాదం కాదు. ప్రమాదమంతా ఆ చేత్తో కన్ను నలుపుకోవడంలో ఉంది. పిల్లలు వాటితో ఆడితే వెంటనే చేతులు కడిగించండి. కంట్లో పడితే ఎక్కువ నీళ్ళతో కడిగి డాక్టరుకు చూపించండి.

మాస్టారు ఇకమీదట ఫొటో పంపేవాళ్ళందరికీ మూడు సంగతులు చెప్తానన్నారు. పైనుంచి కాకుండా పక్క నుంచి, నేలకు దగ్గరగా ఫోను పెట్టి తియ్యాలి. ఒంటి నడుము స్పష్టంగా పడాలి. కొలతకు రూపాయి బిళ్ళ పెట్టాలి గానీ వేలు పెట్టకూడదు.

నాలుగోది ఉద్దానం వాళ్ళందరికీ నేను చెప్పాలనుకుంటున్నది. రాత్రి పడుకున్నప్పుడో, డొక్కల్లో చెయ్యి పెట్టినప్పుడో ఏదో కరిచి, అది కంటికి కనపడకపోతే జెర్రిలే అని ఊరుకోకండి. జెర్రి కాటులోనూ రెండు గాట్లే ఉంటాయి, పాము కాటులోనూ అంతే. కట్లపాము కరిస్తే నొప్పి, వాపు పెద్దగా ఉండకపోవచ్చు, గాట్లు కనిపించకపోనూ వచ్చు. కరిచింది జెర్రేనని చూసినవాళ్ళు లేకపోతే దాన్ని పాము కాటుగానే ఎంచి 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్ళండి.