చుక్క ఎక్కడ పెట్టాలి

మా మేనత్తతో మాట్లాడిన గంటంబావు రికార్డింగును, మాటను రాతగా మార్చే సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చాను. వచ్చినదాంట్లో ఒక్క చుక్క లేదు, కామా లేదు, పేరా అసలే లేదు. నా ప్రశ్నా ఆమె జవాబూ, మధ్యలో నా ‘ఊఁ’లూ అన్నీ కలిసిపోయాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లు చుక్కలు తామే పెడతాయి, ఇది పెట్టని రకం. పోనీలే, తెలుగు వాక్యం సాధారణంగా క్రియతోనే ముగుస్తుంది కదా అనుకుని, ఆడియో వినకుండానే పది పేజీలకు చుక్కలు పెట్టేశాను.

అందులో ఈ ముక్క ఉంది: “మా అత్త సదువెందుకు అన్నది నేను ఏమనలె పొయ్యికాడ కూసున్న పిల్లను తెల్లారి బడికి తోలిన”

‘ఏమనలె’ తర్వాత చుక్క పెట్టాను. పొయ్యి దగ్గర కూర్చున్న పిల్ల మర్నాడు బడికి వెళ్లింది. చదవడానికి హాయిగానే ఉంది.

తర్వాతెప్పుడో ఆడియో విన్నాను. ‘కూసున్న’ దగ్గర ఆమె గొంతు కిందికి దిగింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత ‘పిల్లను’ అన్న మాట మళ్లీ పై స్థాయిలో మొదలైంది. అంటే ఆ రాత్రి పొయ్యి దగ్గర మాట్లాడకుండా కూర్చున్నది పిల్ల కాదు, మా మేనత్త. నేను బడిలో నేర్చుకున్న తెలుగులో ‘కూర్చున్నాను’ వేరు, ‘కూర్చున్న’ వేరు. ఆమె తెలంగాణ మాటలో రెంటికీ ‘కూసున్న’ ఒక్కటే. ఒక్క చుక్క వదిలేసి ఆమె కూర్చున్న రాత్రిని నేనే తీసేశాను.

అలాగని ఆగిన ప్రతిచోటా చుక్క పెట్టడానికీ లేదు. ఆమెకు ఆయాసం, మాట మధ్యలోనే ఊపిరి కోసం ఆగుతుంది. కానీ అప్పుడు గొంతు దిగదు, పైనే నిలబడి ఉంటుంది. నిశ్శబ్దం కంటే ఆ దిగడమే నమ్మదగిన గుర్తు. అది కాగితం మీద కనబడదు.

కొటేషన్ గుర్తులు ఇంకా కష్టం. “ఉన్నదంత దీనికే పెడితే రేపెట్ల ఆడపిల్ల సంపాయించి పెడ్తదా అని మా ఆయన నవ్విండు.” ఎదుటివాళ్ల మాట ఎక్కడ ముగిసిందో ‘అని’ చెబుతుంది. ఎక్కడ మొదలైందో చెప్పే మాట లేదు. నేను మొత్తం మామయ్య నోట్లోనే పెట్టాను. ఎన్నిసార్లు విన్నా తేలక, ఫోన్ చేసి చదివి వినిపించాను.

“రేపెట్ల అన్నది నేను బిడ్డా. ఆ బుగులు నాదే. నవ్వుడొక్కటే ఆయనది” అంది.

పేరాలు చివరికి ఉంచుకున్నాను. నేను కొత్త ప్రశ్న వేసినచోట, ఆమె తనంతట తాను వేరే ఊసు ఎత్తుకున్నచోట విడగొట్టాను. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన రాతను ముట్టుకోకుండా వేరే ఫైలులో దాచాను, నా చుక్కల్ని ఎవరైనా తప్పుపట్టగలిగేలా.

కొటేషన్ గుర్తును ‘ఆడపిల్ల’ ముందుకు జరిపాను. ఆ పది పేజీలూ మళ్లీ మొదటినుంచి వింటున్నాను. ఇంకా నాలుగో పేజీలోనే ఉన్నాను.