ఫేల్ దొరికింది, ఫాయిల్ ఎవరు?

మా ఆపా కొడుకు కర్నూలులో ఒక ఎలక్ట్రికల్ షాపులో మూడేళ్లు పనిచేశాడు. గల్ఫ్‌లో స్టోర్‌కీపర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూలు జరుగుతున్నాయని తెలిసి, తాను చేసిన పనులు తెలుగులో కాగితం మీద రాసుకుని నా దగ్గరికి వచ్చాడు. "మామూ, మీరు అఖ్బార్‌లో పనిచేస్తారు కదా, దీన్ని మంచి అంగ్రేజీలో పెట్టండి" అన్నాడు.

నేను పెట్టాను. గల్తీ అక్కడే జరిగింది.

అతని మొదటి లైను: "స్టాకు చూసుకున్నాను." నేను 'మేనేజ్డ్ ఇన్వెంటరీ' అని రాశాను. ఇంటర్వ్యూలో అదే లైను మీద వేలు పెట్టి, "ఆర్డర్ల మీద సంతకం ఎవరిది? నీ కింద ఎంతమంది?" అని అడిగారట. సంతకం సేఠ్‌దే, తన కింద ఎవరూ లేరు. అతను తడబడ్డాడు, ఉద్యోగం పోయింది. ఇంటికొచ్చి, "మామూ, నేను ఝూట్ చెప్పలేదు. కానీ వాళ్ల ముందు ఝూటేవాడిలా కూర్చున్నాను" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముబాలిగా నాది, షర్మిందగీ అతనిది.

మర్నాడు ఇద్దరం మళ్లీ కూర్చున్నాం. చిన్నప్పుడు ఉర్దూ మీడియంలో మా ఉస్తాద్ ప్రతి జుమ్లాలోనూ ఫేల్ చూపించగానే "ఫాయిల్ ఎవరు?" అని అడిగేవారు. తర్వాత డిగ్రీలో అదే క్రియ, కర్త అని చదివాను. రెజ్యూమేలో 'ఐ' అని రాయరు. తెలుగులోనూ 'నేను', 'మేము' అనకుండానే మాట నడుస్తుంది, కానీ క్రియ చివర చూస్తే కర్త తెలుస్తాడు. అంగ్రేజీలోకి వెళ్లేసరికి ఆ చివర తెగిపోతుంది. పదిమంది చేసిన పని ఒక్కడి ఖాతాలో పడుతుంది.

'చూసుకున్నాను' అనేది మోసపు మాట. యజమానీ షాపు చూసుకుంటాడు, తాళం వేసే కుర్రాడూ చూసుకుంటాడు. అందుకే "బేటా, నీ చేతులు ఏం చేశాయో చెప్పు" అన్నాను. ప్రతి ఆదివారం వైరు చుట్టలు, స్విచ్‌ల డబ్బాలు లెక్కపెట్టి, తగ్గినవి సేఠ్‌కి చెప్పేవాడట. ఎన్ని రకాలంటే వెయ్యి అన్నాడు. రిజిస్టర్ గుర్తు చేసుకోమన్నాను. పన్నెండు పేజీలు, పేజీకి పాతిక లైన్లు. అంటే 300. కొత్త లైను ఇలా వచ్చింది: 'కౌంటెడ్ అబౌట్ 300 ఐటమ్స్ ఎవ్రీ వీక్ అండ్ రిపోర్టెడ్ షార్టేజెస్ టు ఓనర్.' ఇందులో 'మేనేజ్డ్' లేదు, అయినా లైను బలహీనం కాలేదు. స్టోర్‌కీపర్‌కి కావాల్సింది ఆ లెక్కే కదా.

రెండో లైను: "కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టాం." నేను 'ఇంప్లిమెంటెడ్' అని రాసి పడేశాను. ఇక్కడ ఫాయిల్ 'మేము'. కొన్నది సేఠ్, కంప్యూటర్‌లో ఎక్కించింది కంపెనీ మనిషి. మనవాడు పాత రేట్ల పుస్తకం చూసి సామాన్ల పేర్లు, రేట్లు అందులో కొట్టాడు. 'అసిస్టెడ్' అంటే అబద్ధం కాదు, కానీ ఏం చేశాడో తెలియదు. అందుకే అతని హిస్సా ఏదో అదే రాశాం: 'ఎంటర్డ్ ఐటమ్ నేమ్స్ అండ్ రేట్స్ ఇన్ న్యూ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్.'

మూడోది నన్ను ఆశ్చర్యపరిచింది. "లోడు దింపించాను" అని రాసుకున్నాడు. నేను మొదటిసారి దాన్ని 'హెల్ప్డ్ విత్ అన్‌లోడింగ్' అని చిన్నది చేశాను. ఉర్దూలో 'ఉతర్‌వాయా' అన్నట్టే, తెలుగులో 'దింపించాను' అంటే మోసినవాళ్లు వేరు, దగ్గరుండి పని చేయించినవాడు వేరు. అలాగని 'సూపర్వైజ్డ్' అంటే హమాలీలు ఇతని కిందివాళ్లు అయిపోతారు, కాదు. అడిగితే అసలు సంగతి బయటపడింది. ఇన్‌వాయిస్ పట్టుకుని ఒక్కో డబ్బా సరిచూసి, పగిలిన బల్బులు వెనక్కి పంపి, అందినట్టు సంతకం పెట్టేది ఇతనే! 'చెక్డ్ డెలివరీస్ అగెయిన్స్ట్ ఇన్‌వాయిసెస్ అండ్ రిటర్న్డ్ డామేజ్డ్ గూడ్స్' అని రాసి, ఆ లైనును అన్నిటికన్నా పైన పెట్టాం. హద్దు దాటి చెప్పడం ఒక తప్పు. ఉన్న హక్‌ని దాచేయడం కూడా తర్జుమాలో ఖియానతే.

చివరికి ఒక పరీక్ష పెట్టాను. అంగ్రేజీ లైన్లన్నీ తిరిగి తెలుగులోకి మార్చి, "ఇవి మీ సేఠ్ ముందు చదవగలవా?" అన్నాను. అతను ఫోన్ తీసి, సేఠ్‌కే కలిపి చదివాడు. అవతలి నుంచి సేఠ్, "అంతా సహీ. కానీ తాళాలు నీ దగ్గరే ఉండేవి కదరా, అది రాయలేదేం?" అన్నారు.

అదీ రాశాం.