స్నేహితుడి ఉద్యోగం, నావి మూడు లైన్లు

లింక్డిన్‌లో స్నేహితుడి కొత్త ఉద్యోగానికి అభినందనలు చెప్పడానికి నిజానికి ఏమీ రాయక్కర్లేదు. అతను తన ప్రొఫైల్‌లో కొత్త కంపెనీ పేరు చేర్చి, "Notify network" అన్న మీట ఆన్‌లో ఉంచితే మనకు కబురొస్తుంది. పక్కనే ఒక వాక్యం తయారుగా ఉంటుంది, నొక్కితే చాలు. పెళ్లిలో కవరు మీద పేరు రాసి, స్టేజీ ఎక్కి ఇచ్చేసి దిగినట్టే. అందులో తప్పేమీ లేదు, అన్ని పెళ్లిళ్లకీ మండపం కట్టలేం కదా.

అందరికీ కనిపించేలా విడిగా పోస్టు రాయడం మాత్రం వేరే పని. అది స్నేహితుణ్ణి ఉద్దేశించి రాసినట్టే ఉంటుంది కానీ, చదవాల్సింది అతను కాదు. అతనికి చెప్పాల్సింది ఫోన్లో ఎప్పుడో చెప్పేశాం. చదివేది అతని కొత్త ఆఫీసు వాళ్లు, పాత ఆఫీసు వాళ్లు, చుట్టాలు, ఇంకా ఉద్యోగం దొరకని తోటివాళ్లు. ఇంతమంది మధ్యలో అతని గురించి ఏం చెప్పాలన్నదే చిక్కు.

మావాడు నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక బల్క్ డ్రగ్ యూనిట్‌లో, క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో పదకొండేళ్లు చేశాడు. అందులో నాలుగేళ్లు పక్క బల్ల నాది. తర్వాత నేను వేరే దారి పట్టాను, అతను ఉండిపోయాడు. యూనిట్ మూతపడ్డాక ఏడు నెలలు ఖాళీ. మొన్న తుర్కపల్లి వైపు, జీనోమ్ వ్యాలీలో ఒక కంపెనీలో చేరాడు. ఉప్పల్‌లో ఉండే మా జట్టంతా "నువ్వే రాయాలె, నీకే తెలుసు వాని పని" అని నా మీద పడ్డారు.

రాయడానికి ముందు, ఎప్పుడు పెట్టాలో తేలాలి. ఆఫర్ లెటర్ రాగానే పెట్టేద్దామన్నారు మావాళ్లు. కానీ ఆ లెటర్ చివర ఒక షరతుంటుంది: వెనకటి ఉద్యోగాల పరిశీలన సరిగ్గా తేలితేనే ఈ ఉద్యోగం అని. మామూలుగా పాత కంపెనీ హెచ్.ఆర్‌కి ఫోన్ చేసో మెయిల్ పంపో తేదీలు సరిచూస్తారు. మూతపడ్డ కంపెనీలో ఫోనెత్తేదెవరు? మావాడు పీఎఫ్ పాస్‌బుక్ ఇచ్చాడు. ఏ నెల ఏ యజమాని ఎంత కట్టాడో అందులో వరసగా ఉంటుంది, ఎక్కడ ఆగిందో కూడా ఉంటుంది. పాత ఫారం 16లు కూడా ఇచ్చాడు. అది తేలడానికి చేరాక కూడా కొన్ని వారాలు పట్టింది. అందాకా ఆగుదాం అన్నాడు. ఆగాం. ప్రొఫైల్‌లో నెల, సంవత్సరమే పడతాయి, తేదీ పడదు కాబట్టి ఆలస్యం ఎవరి కంటికీ ఆనలేదు.

ఈలోపు జట్టులో ఒకడు తన వంతుగా ఒక వాక్యం పంపాడు: "ఏడు నెలల పోరాటం తర్వాత కూడా తలవంచని నా మిత్రుడు..." వినడానికి బాగుంది. ఇలాంటి పోస్టులకు లైకులు కూడా బాగా పడతాయి. మావాడికి చదివి వినిపించాను.

"గది తీసెయ్‌రా," అన్నాడు. "కంపెనీకి తెల్వదా అంటే తెలుసు, పాస్‌బుక్‌ల ఉన్నది. కానీ మా అత్తగారింటోళ్లకు తెల్వదు. పొద్దుగాల డబ్బా పట్టుకొని హబ్సిగూడ లైబ్రరీకి పోయేటోణ్ణి. ఇంకో ముచ్చట. మాతోని బయటపడ్డోళ్లు ముగ్గురు ఇంకా ఇంట్లనే ఉన్నరు. వాళ్లు చదువుతరు గద."

ఈ రెండో మాట నన్ను ఎక్కువసేపు పట్టుకుంది. తలవంచనివాడికి ఉద్యోగం వచ్చిందని రాస్తే, రానివాళ్లు తలవంచినట్టేగా. ఆ ముగ్గురిలో ఒకాయన మా ఇద్దరికంటే సీనియర్. వాక్యం తీసేశాను.

మరి ఏం రాయాలి? మావాడి గురించి నాకు తెలిసిన అతి మంచి సంగతి ఒకటుంది. అది రాయడానికి వీల్లేదు.

మా ల్యాబులో మందు నమూనాని హెచ్.పి.ఎల్.సి. అనే యంత్రంలోకి ఎక్కిస్తాం. అందులో కలిసి ఉన్న పదార్థాలు ఒక సన్నటి గొట్టం దాటేటప్పుడు విడిపోయి, ఒక్కోటి ఒక్కో సమయానికి బయటికొస్తాయి. తెరమీద ఒక గీత నడుస్తూ, పదార్థం వచ్చినప్పుడల్లా గుట్టలా లేస్తుంది. గుట్ట కింది విస్తీర్ణమే ఆ పదార్థం పాలు. ఒక రాత్రి షిఫ్టులో ఒక మాలిన్యం 0.15 శాతానికి మించకూడనిది 0.18 వచ్చింది. తెల్లారి లోడు వెళ్లాలి. ఇలాంటప్పుడు ఒక దొంగదారి ఉంది. గుట్ట అడుగున గీసే గీతని మౌస్‌తో కాస్త పైకి జరిపితే గుట్ట చిన్నదవుతుంది, అంకె తగ్గుతుంది. చేత్తో గీత గీయడం నేరమేమీ కాదు, కారణముంటే రాసిపెట్టి చేయొచ్చు. అంకె కోసం గీస్తే అది దొంగలెక్క. సాఫ్ట్‌వేర్ ఎవరు ఎన్ని గంటలకు మార్చారో దాచిపెడుతుంది, ఇన్‌స్పెక్టర్లు మొదట అడిగేది అదే. పైనుంచి ఫోన్ వచ్చింది, "కొంచెం చూడు" అని. మావాడు గీత ముట్టుకోలేదు. ఫెయిల్ అని లాగ్‌బుక్‌లో రాసి, దర్యాప్తు కాగితం తెరిచాడు. లోడు ఆగిపోయింది. ఆ ఏడు అతనికి ఇంక్రిమెంటు రాలేదు.

ఇది పోస్టులో రాస్తే అతనికి చప్పట్లు, పాత కంపెనీకి బజారు. పైగా చేరేటప్పుడు సంతకం పెట్టిన గోప్యత కాగితం కంపెనీ మూతపడినంత మాత్రాన చెల్లకుండా పోదు. కొత్త ఆఫీసులో మేనేజరు దీన్ని చదివి, రేపు మా సంగతులూ ఇలాగే బయటికొస్తాయా అనుకోడా? పేర్లు లేవు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. అక్కడ అతని ప్రొఫైల్‌కి లంకె ఉంటుంది, అందులో పాత కంపెనీ పేరు ఉంటుంది.

అయితే ఆ రాత్రి తర్వాత అతను కొత్తగా వచ్చిన ట్రైనీలకు ఒక అలవాటు నేర్పేవాడు. ముందు అంకెని అరచేత్తో మూసేయమనేవాడు. గీత ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముగిసింది, అది సరిగ్గా ఉందా చెప్పమనేవాడు. ఆ తర్వాతే చెయ్యి తీయాలి. ఇది రాయొచ్చు. ఎవరి గుట్టూ బయటపడదు, ఆ పని తెలిసినవాళ్లకు అంతా అర్థమవుతుంది. తన గురించి తాను ఇది రాసుకోలేడు, రాసుకుంటే గొప్పలుగా ఉంటుంది.

లింక్డిన్‌లో మొదటి రెండు మూడు లైన్లే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేగాని తెరుచుకోదు. అందుకని అసలు మాట ముందుకు తెచ్చాను. ఇంగ్లీషులో పెట్టినదానికి నా తెలుగు ఇది:

"నా మిత్రుడు కొత్త ల్యాబులో చేరాడు. నాలుగేళ్లు పక్కన పనిచేశాను. అంకెని చేత్తో మూసి, ముందు గీతని చూడమని మా ట్రైనీలకు నేర్పింది ఇతనే. ఆ ల్యాబు అదృష్టం."

అంతే. ఐడీ కార్డు ఫొటో పెట్టమన్నారు, పెట్టలేదు. కొత్తగా చేరినవాళ్ల పోస్టులు చూసి, మీ ఎండీని మాట్లాడుతున్నా, అర్జెంటుగా గిఫ్టు కార్డులు కొను అని మెసేజీలు పంపే మోసగాళ్లున్నారు. వాళ్లకి ఎంప్లాయీ నంబరు కూడా మనమే అందించడం దేనికి?

కింద "ఇంట్రెస్టెడ్ సర్" అని పద్నాలుగు మంది రాశారు. పోస్టులో ఉద్యోగ ప్రకటనేమీ లేదు పాపం. ఒకప్పటి ట్రైనీ, ఇప్పుడు బొల్లారంలో ఉన్నమ్మాయి, "ఇప్పటికీ మూస్తున్నా అన్నా" అని రాసింది. సీనియరాయన లైకు కొట్టలేదు, కామెంటు రాయలేదు. రాత్రి తొమ్మిదింటికి మావాడికి ఫోన్ చేసి, మీ ల్యాబులో ఇంకా ఖాళీలున్నాయా అని అడిగాడట. మావాడు పొద్దున్నే మేనేజరుకి ఆయన వివరాలిచ్చాడు. వచ్చే గురువారం ఇంటర్వ్యూ. కంపెనీ బస్సు ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఆరుంబావుకే, తోడుగా తీసుకుపోతానన్నాడు.