గాంధీ జయంతి నాటి వసూలు

అది 2007 అక్టోబరు 31, బుధవారం. రాత్రి ఎనిమిదయింది. అమీర్‌పేటలో మా ఆఫీసున్న మూడో అంతస్తులో నేనూ, వాచ్‌మనూ తప్ప ఎవరూ లేరు. నేను ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు. జీతం ఆరు వేలు. మా టీమ్ లీడర్ పెళ్లికని ఊరెళుతూ, ‘ఏదైనా ఫోనొస్తే చూసుకో’ అని చెప్పి వెళ్లాడు. ఫోన్ రానే వచ్చింది.

తణుకులో వాహనాలకు అప్పులిచ్చే ఒక ఫైనాన్స్ సంస్థ బ్రాంచి నుంచి ఆ ఫోను. వాళ్ల రసీదుల సాఫ్ట్‌వేర్ మాదే. వీబీ 6లో రాసిందీ, యాక్సెస్ డేటాబేస్‌తో నడిచేదీ. ఆ నెల రిపోర్టు ప్రకారం వసూలు కావాల్సిన డబ్బు రూ.10,04,000. క్యాష్ బుక్కులో ఉన్నదేమో రూ.9,42,600. అంటే, రసీదులిచ్చి కూడా జమ చేయని సొమ్ము 61,400 రూపాయలన్నమాట.

“పొద్దున తొమ్మిదింటికి హెడ్డాఫీసు నుంచి ఆడిటరు గారొస్తారు. ఈలోపు మీరు లెక్క తేలిస్తే సరే. లేదంటే మా క్యాషియరు చేత లోటు తనదేనని రాయించుకోక తప్పదు” అన్నాడు మేనేజరు.

తర్వాత క్యాషియరు గారు ఫోన్ అందుకున్నారు. గొంతు వింటే యాభై దాటినట్టుంది. “నా జీతం నాలుగున్నర వేలండి బాబూ. అరవై వేలు నేనెక్కణ్నుంచి తెస్తానండి?” అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు.

వాళ్ల డేటాబేస్‌ను జిప్ చేసి మెయిల్లో పంపించమన్నాను. అది దిగేసరికి పది దాటింది. నా కంప్యూటర్లో తెరిచి, అక్టోబరు రిపోర్టు నొక్కాను. రూ.9,42,600! క్యాష్ బుక్కుతో రూపాయి తేడా లేదు.

ఎగిరి గంతేసి ఫోన్ చేశాను. మేనేజరు ఒక్క మాటతో నన్ను నేల మీద కూర్చోబెట్టాడు. “మీ దగ్గర ఎంతొస్తే మాకెందుకండీ? రేపు ఆడిటరు చూసేది ఇక్కడొచ్చే ప్రింటు. ఒకే లెక్క రెండు చోట్ల రెండు రకాలుగా వస్తే, ఏది నమ్మాలి?”

న్యాయమైన ప్రశ్నే. అదే డేటా, అదే ప్రోగ్రాము. రెండు కంప్యూటర్లలో రెండు జవాబులు. ముందు వాళ్ల దగ్గరున్నది పాత వెర్షనేమో అనుకున్నాను. ఫైలు తేదీ, సైజు చదివించుకుని చూస్తే మా దానితో సరిపోయాయి. ఒకే రసీదు రెండుసార్లు పడిందేమో అని నంబర్లన్నీ వరసగా పేర్చి చూశాను. ఒక్కటీ లేదు. అయినా రసీదులు రెండుసార్లు పడి ఉంటే నా దగ్గరా లెక్క పెరగాలి కదా! ఆ సంగతి తట్టడానికి గంట పట్టింది. అప్పటికి రాత్రి ఒంటిగంట.

ఇక మిగిలింది ఒక్కటే దారి. రోజువారీ మొత్తాలు ఆయన అక్కడ చదవాలి, నేనిక్కడ సరిచూసుకోవాలి. మళ్లీ ఫోన్ చేస్తే మొదటి రింగుకే తీశారు. మేనేజరు ఇంటికి వెళ్లిపోయినా, ఆయన బ్రాంచిలోనే కూర్చుని ఉన్నారు.

చివరి రోజు నుంచి వెనక్కి వెళదామన్నాను. 31 సరిపోయింది. 30 సరిపోయింది. 29, 27, 26... అలా 13వ తేదీ దాకా అన్నీ అచ్చుగుద్దినట్టు ఉన్నాయి.

“పన్నెండు... సున్నా అండి” అన్నారు. నా దగ్గర 12న వసూలుంది. పదకొండో తేదీ? అదీ సున్నాయే. పదో తేదీ మాత్రం సరిపోయింది. తొమ్మిది దగ్గర మళ్లీ తేడా. ఎనిమిదీ అంతే.

“ఏడు... 38,900 అండి” అన్నారు.

నా తెర మీద ఏడో తేదీ ఖాళీగా ఉంది. అదే చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత కాలెండరు కాగితాలు తిప్పిన చప్పుడు.

“బాబూ, ఏడో తారీకు ఆదివారమండి. బ్రాంచి తియ్యలేదు. ఇదిగో, రెండో తారీక్కి కూడా 41,250 వేసిందండి ఇక్కడ. గాంధీ జయంతి నాడు మేం రసీదెలా కోస్తామండి?”

నిద్రమత్తు వదిలిపోయింది. తాళం వేసిన బ్రాంచిలో వసూలైన ఆ డబ్బు ఎక్కడిది? ఎక్కడిదో కాకపోతే గాల్లోంచి రాదు కదా! ఏడాది మొత్తం మీద ఏ రోజు వసూలు సరిగ్గా 41,250 అయిందో వెతికాను. ఒక్కటే రోజు దొరికింది, ఫిబ్రవరి 10. మరి 38,900? జూలై 10.

కాగితం మీద రెంటినీ రాసుకున్నాను. ఫిబ్రవరి 10 అంటే 10/02. జూలై 10 అంటే 10/07. మనం రోజు ముందు, నెల తర్వాత రాస్తాం. అమెరికా వాళ్లు నెల ముందు, రోజు తర్వాత రాస్తారు. ఆ లెక్కన చదివితే 10/02 అంటే అక్టోబరు 2, 10/07 అంటే అక్టోబరు 7!

తణుకు కంప్యూటరు తేదీలను అమెరికా పద్ధతిలో చదువుతోంది.

అంతే, చిక్కుముడి మొత్తం విడిపోయింది. అక్టోబరు 5 అంటే 05/10. దాన్ని అది మే 10గా చదివి, అక్టోబరు లెక్కలోంచి తీసేసింది. అలా మొదటి పన్నెండు రోజుల రసీదులు పోయాయి. పదో తేదీ ఒక్కటే మిగిలింది, 10/10ని ఎటు చదివినా ఒకటే కాబట్టి. పోయిన వాటి చోట్లోకి జనవరి నుంచి సెప్టెంబరు దాకా ప్రతి నెలా పదో తేదీ రసీదులు వచ్చి కూర్చున్నాయి. పదకొండు, పన్నెండు ఎందుకు ఖాళీ? నవంబరు 10, డిసెంబరు 10 ఇంకా రాలేదు కాబట్టి. ఆరో తేదీన కూడా సున్నా ఉండాలే అనుకుని అడిగాను. ఉంది. జూన్ 10 ఆదివారం మరి!

పోయినవి 2,56,800. వచ్చి చేరినవి 3,18,200. వాళ్ల వాయిదాలకు గడువు పదో తేదీ. అందుకని ఆ రోజు వసూళ్లెప్పుడూ ఎక్కువే. తేడా సరిగ్గా 61,400.

మరి 13 నుంచి 31 దాకా ఎందుకు చెడలేదు? పదమూడో నెల లేదు కాబట్టి. మా ప్రోగ్రాములో ఆ పని చేసే లైను ఇది:

```
d = CDate(rs!RcptDate)
```

రసీదు తేదీని మేం అక్షరాలుగా దాచి, రిపోర్టు తీసేటప్పుడు ఈ లైనుతో తేదీగా మార్చేవాళ్లం. `CDate` విండోస్‌లో పెట్టిన దేశం పద్ధతిని బట్టి చదువుతుంది. ఆ పద్ధతిలో కుదరకపోతే ‘తప్పు’ అని అరవదు. 13/10 అని ఉంటే పదమూడో నెల లేదని గ్రహించి, తనంతట తనే తిప్పి అక్టోబరు 13 అనుకుని ముందుకెళ్లిపోతుంది. అదే అన్ని తేదీలకూ అరిచి ఉంటే మొదటి నిమిషంలోనే దొరికేది. సగం నెల సరిగ్గా, సగం నెల తప్పుగా చేయడం వల్లనే ఒక మనిషి మీద దొంగతనం పడబోయింది.

“మీ కంప్యూటరు ఈ మధ్య ఎవరైనా ముట్టుకున్నారా?” అని అడిగాను.

“దసరా వెళ్లాక వైరస్ పట్టిందని షాపు కుర్రాడొచ్చి ఫార్మాట్ చేశాడండి” అన్నారు.

విండోస్ ఎక్స్‌పీని కొత్తగా ఎక్కించినప్పుడు మనం మార్చకపోతే అమెరికా పద్ధతే ఉంటుంది. ఆ కుర్రాడు మార్చలేదు. అప్పటికే 13 దాటింది కనుక రోజువారీ రిపోర్టులన్నీ సరిగ్గానే వచ్చాయి. నెల మొత్తం ఒకేసారి తీసినప్పుడే బయటపడింది. నా కంప్యూటర్లో ఇండియా పద్ధతి ఉంది కాబట్టి ఇక్కడ ఎన్నిసార్లు నొక్కినా కనబడదు.

కంట్రోల్ ప్యానెల్ తెరిపించాను. ‘Regional and Language Options’ అని ఒక్కో అక్షరం చెప్పి, English (United States) తీసి English (India) పెట్టించాను. ప్రోగ్రాము మూసి, మళ్లీ తెరిచి రిపోర్టు నొక్కమన్నాను. ప్రింటరు చప్పుడు ఫోన్లో వినబడింది.

“తొమ్మిది... నలభై రెండు... ఆరొందలు” అన్నారు. తర్వాత కాసేపు ఏమీ వినబడలేదు. నేనూ ఫోన్ పెట్టలేదు. టైము మూడుంబావు.

కానీ అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. సెట్టింగు మార్చడం ఆ ఒక్క కంప్యూటరుకి మందు. రేపు ఇంకో బ్రాంచిలో ఫార్మాట్ చేస్తే మళ్లీ ఇదే గొడవ. మార్చాల్సింది మా లైను. ఆ లైను రాసింది ఎవరో కాదు, నేనే. చేరిన రెండో నెలలో, ఈ రిపోర్టును తిరగరాయమంటే రాశాను. పరీక్షకు వేసిన రసీదులన్నీ 15, 20 తేదీలవి. ఒక్క 5వ తేదీ వేసి, అమెరికా సెట్టింగులో ఒక్కసారి నడిపి ఉంటే ఆ రోజే పట్టుబడేది.

తెల్లవారేలోగా ఆ లైను ఇలా మార్చాను:

```
s = rs!RcptDate
d = DateSerial(Mid(s, 7, 4), Mid(s, 4, 2), Left(s, 2))
```

ఏది సంవత్సరమో, ఏది నెలో, ఏది రోజో మనమే విడదీసి చెబుతాం. ఇక విండోస్ ఏ దేశానిదైనా ఒకటే జవాబు. అమెరికా సెట్టింగు పెట్టి మరీ చూశాను. సరిపోయింది.

ఆరింటికి టీమ్ లీడర్‌కి ఫోన్ చేస్తే సంతోషించాడు. “వైరస్ వల్ల అయిందని చెప్పెయ్. అబద్ధమేం కాదుగా” అన్నాడు. నిజమే, అబద్ధం కాదు. కానీ అలా చెబితే, ఆ కంప్యూటరు వాడేది క్యాషియరు గారే కనుక తప్పు మళ్లీ ఆయన చుట్టూనే తిరుగుతుంది. ఎనిమిదిన్నరకు మేనేజరుకు ఫోన్ చేసి, తప్పు మా ప్రోగ్రాముదనీ, అది రాసింది నేననీ, క్యాష్ బుక్కులో ఏ తేడా లేదనీ చెప్పాను. అదే మాట రాసి మెయిల్ పెట్టమన్నాడు. పెట్టాను. ఆ వారమంతా మా ఆఫీసులో నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు గానీ, ఉద్యోగం మాత్రం పోలేదు.

సాయంత్రం క్యాషియరు గారు ఫోన్ చేశారు. ఆడిటరు గారు సంతకం పెట్టి వెళ్లారట. “ఒక్క మాట అడుగుతానండి, ఏమీ అనుకోకండి” అన్నారు. “నేను పాతికేళ్లుగా క్యాష్ బుక్కులో ‘5 అక్టోబరు’ అనే రాస్తున్నానండి. నెల అంకెల్లో వేస్తే పొరపాటు పడతామని మా పెద్ద గుమాస్తా అప్పట్లోనే చెప్పారు. మీ వాళ్లకి ఎవరూ చెప్పలేదాండి?”

చెప్పలేదని ఒప్పుకున్నాను. ఈ రోజుకీ ఎక్కడైనా తేదీ రాయాల్సి వస్తే నెల పేరు అక్షరాల్లోనే రాస్తున్నాను.